అడగకుండానే ఫోనులోకి దిగే ఫొటోలు, వీడియోలు

కడప జిల్లా నుంచి ఒక సోదరి ఈ నెల మాకు ఉత్తరం రాశారు. ఆమె భర్త కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఇంట్లో ఆమె, అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి ఉంటారు. ముగ్గురికీ కలిపి ఒకే ఫోను. దాని నిల్వ సామర్థ్యం 64 జీబీ. రోజుకు 1.5 జీబీ డేటా లభించే రీఛార్జి వేయిస్తున్నారు. ఆయన అక్కడ పని ముగించుకొని సాయంత్రం వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తారు. శనివారం నుంచి గురువారం వరకు ఆ కాల్ బాగానే నడుస్తుంది. శుక్రవారం మాత్రం ముఖం కనిపించదు, మాట తెగిపోతుంది. దీనికితోడు కొన్నాళ్లుగా “నిల్వ స్థలం నిండిపోయింది” అనే సందేశం వస్తోంది. అబ్బాయికి పాఠశాల నుంచి పంపిన పాఠం కూడా ఫోనులోకి దిగడం లేదు. “శుక్రవారమే ఎందుకు ఇలా జరుగుతుంది? కొత్త ఫోను కొనక తప్పదా?” అని ఆమె ప్రశ్న.

కొత్త ఫోను అవసరం లేదు. శుక్రవారం జరుగుతున్నదేమిటో ముందు అర్థం చేసుకుందాం. ఇలాంటి ఇబ్బంది పడుతున్న ఇళ్లు చాలా ఉంటాయి కనుక సమాధానాన్ని కాస్త వివరంగానే రాస్తున్నాము.

తనంతట తానే దిగడం అంటే ఏమిటి?

వాట్సాప్‌లో ఎవరైనా మనకు ఒక వీడియో పంపినప్పుడు అది నేరుగా మన ఫోనులోకి వచ్చి కూర్చోదు. ముందుగా ఆ సంస్థ సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి మన ఫోనుకు ఒక చిన్న కబురు, దానితో పాటు మసకగా ఉండే ఒక చిన్న బొమ్మ వస్తాయి. అసలు వీడియోను తెచ్చుకోవడం ఆ తరువాతి పని. ఆ పనిని మనం వేలితో తాకి చేయించవచ్చు, లేదా మనల్ని అడగకుండా ఫోనే చేసుకోవచ్చు. ఈ రెండో పద్ధతినే ఆటో డౌన్‌లోడ్ అంటారు.

ఈ పద్ధతి వల్ల ఒక సౌకర్యం ఉన్న మాట నిజమే. సందేశం తెరిచేసరికి ఫొటో సిద్ధంగా ఉంటుంది. అయితే మనం ఎన్నడూ తెరవని గ్రూపుల్లోని ఫొటోలు కూడా అలాగే సిద్ధంగా ఉంటాయి. మనం చూసినా చూడకపోయినా డేటా ఖర్చవుతుంది, ఫోనులో స్థలమూ నిండుతుంది. ఒకే దృశ్యాన్ని నలుగురు నాలుగు గ్రూపుల్లో పంపితే దానిని పదే పదే తెచ్చుకునే పరిస్థితి కూడా ఏర్పడవచ్చు.

ఇప్పుడు శుక్రవారం సంగతికి వద్దాం. ఆ సోదరి ఫోనులో తొమ్మిది గ్రూపులున్నాయి. పుట్టింటివారిది, అత్తింటివారిది, మొహల్లా వారిది, పాఠశాలది, కువైట్‌లో ఉన్న ఊరివారి కుటుంబాలది, ఇంకా కొన్ని. శుక్రవారం ఉదయం నుంచే వాటిలో “జుమా ముబారక్” కార్డులు మొదలవుతాయి. కార్డు ఒక్కటే అయితే పెద్ద భారం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటో సుమారు 100 నుంచి 300 కేబీ మాత్రమే ఉంటుంది. అలాంటివి వంద వచ్చినా పది నుంచి ముప్పై ఎంబీ. అసలు బరువు కదిలే బొమ్మలతో, పాటతో చేసిన శుభాకాంక్షల వీడియోలది, ప్రసంగాల ముక్కలది. ఒక్కొక్కటి పది, పదిహేను, ఇరవై ఎంబీ ఉంటుంది. ఒక్క వీడియో వంద ఫొటోల పెట్టు అన్నమాట.

వాట్సాప్‌ను కొత్తగా ఫోనులో వేసుకున్నప్పుడు సాధారణంగా మొబైల్ డేటా మీద ఫొటోలు మాత్రమే వాటంతట అవి దిగే ఏర్పాటు ఉంటుంది. వైఫై మీద అయితే అన్నీ దిగుతాయి. కానీ ఈ సోదరి మాకు పంపిన స్క్రీన్ చిత్రంలో మొబైల్ డేటా కింద నాలుగు గడుల్లోనూ టిక్కులు కనిపించాయి. ఎవరో ఎప్పుడో “వీడియోలు తెరుచుకోవడం లేదు” అని అన్నీ ఆన్ చేసి ఉంటారు. మీ ఫోనులో ఎలా ఉందో చూసే వరకు ఏ ఊహా చేయకండి.

ముందు కొలవండి

డేటా అయిపోయిందంటే తప్పంతా వాట్సాప్‌దే అనుకోనక్కరలేదు. వేరే యాప్‌లలో చూసే వీడియోలు కూడా కారణం కావచ్చు. కాబట్టి సెట్టింగ్ మార్చడానికి ముందు ఒక రోజు కొలిచి చూడటం మంచిది. అందుకు వేరే యాప్ ఏదీ అక్కరలేదు, వాట్సాప్‌లోనే ఒక పద్దు పుస్తకం ఉంది.

ఆండ్రాయిడ్ ఫోనులో వాట్సాప్ తెరిచి, కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలను తాకండి. వచ్చే జాబితాలో Settings ఎంచుకోండి. అందులో Storage and data తెరవండి. అక్కడ Network usage అని ఉంటుంది. దానిని తాకితే ఇంతవరకు ఎంత డేటా పంపాము, ఎంత తెచ్చుకున్నాము అన్న లెక్క కనిపిస్తుంది. కాల్స్‌కు ఎంత, ఫొటోలు వీడియోల వంటి వాటికి ఎంత, స్టేటస్‌కు ఎంత అని విడివిడిగా ఉంటుంది. Media అన్న వరుసలో తెచ్చుకున్న మొత్తమే మనకు కావలసిన అంకె. ఆ పేజీ అడుగున Reset statistics అని ఉంటుంది. దానిని తాకితే పాత లెక్క చెరిగిపోయి సున్నా నుంచి మొదలవుతుంది. ఇలా చేయడం వల్ల సందేశాలు గానీ ఫొటోలు గానీ పోవు, లెక్క మాత్రమే చెరుగుతుంది.

ఇందులో వైఫై మీద ఖర్చయినది కూడా కలిసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇంట్లో వైఫై లేనివారికి ఆ చిక్కు లేదు.

మా సూచన మేరకు ఆ సోదరి గురువారం రాత్రి లెక్కను సున్నా చేసి, శుక్రవారం అసర్ నమాజు వేళకు మళ్లీ చూశారు. Media వరుసలో తెచ్చుకున్నది 640 ఎంబీ. స్టేటస్‌లకు 110 ఎంబీ. ఫోను సొంత సెట్టింగ్స్‌లో ఒక్కొక్క యాప్ వాడిన డేటాను చూపే చోట చూస్తే, అబ్బాయి పాఠాల వీడియోలకూ ఇతర యాప్‌లకూ కలిపి సుమారు 700 ఎంబీ అయింది. మూడూ కలిపితే 1,450 ఎంబీ. రోజు మొత్తానికి ఉన్నది సుమారు 1,500. అంటే సాయంత్రం కాల్‌కు మిగిలింది 50 ఎంబీ మాత్రమే. ఆమె ఫోనులో అరగంట వీడియో కాల్‌కు 150 ఎంబీ వరకు పడుతోంది.

రోజువారీ డేటా అయిపోయాక మన దేశంలో చాలా రీఛార్జి పథకాల్లో ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోదు, దాని వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో రాతపూర్వక సందేశాలు ఎలాగో చేరుతాయి, వీడియో కాల్ మాత్రం నడవదు. వాట్సాప్ పని చేస్తున్నట్టే కనిపించి ముఖం మాత్రం కనిపించకపోవడానికి కారణం అదే. కువైట్‌లోని నెట్‌వర్క్‌ను గానీ ఫోనును గానీ తప్పుపట్టే పని లేదు.

ఆపే విధానం

మళ్లీ అదే దారి. వాట్సాప్‌లో మూడు చుక్కలు, ఆపైన Settings, ఆపైన Storage and data. అక్కడ Media auto-download అనే శీర్షిక కింద మూడు వరుసలు ఉంటాయి. మొదటిది When using mobile data, రెండోది When connected on Wi-Fi, మూడోది When roaming. అంటే మొబైల్ డేటా వాడుతున్నప్పుడు, వైఫైకి కలిసినప్పుడు, సొంత నెట్‌వర్క్ పరిధి దాటి వెళ్లినప్పుడు అని అర్థం.

మొదటి వరుసను తాకండి. Photos, Audio, Videos, Documents అని నాలుగు గడులు వస్తాయి. నాలుగింటిలోనూ టిక్కు తీసివేసి OK తాకండి. ఆ వరుస కింద No media అని కనిపిస్తే పని పూర్తయినట్టే. మూడో వరుసలోనూ ఇలాగే చేయండి. వీడియోల గడి ఒక్కటీ తీసేస్తే చాలదా అని అడగవచ్చు. చాలావరకు చాలుతుంది. కానీ Documents గడిని మాత్రం వదలకండి. వాట్సాప్‌లో ఒక పత్రంగా 2 జీబీ వరకు పంపవచ్చు. నాణ్యత తగ్గకూడదని పెళ్లి వీడియోను పత్రంగా పంపేవారు ఉన్నారు. అలాంటిది ఒక్కటి దిగినా ఆ రోజు డేటా అంతా అయిపోతుంది.

ఐఫోనులో దారి కొంచెం వేరు. Settings లో Storage and data తెరిస్తే, ఫొటోలు, ఆడియో, వీడియోలు, పత్రాలకు వేర్వేరు వరుసలు ఉంటాయి. ఒక్కొక్క దానిని తాకి, ఎన్నడూ వద్దనో, వైఫై మీద మాత్రమే అనో ఎంచుకోవాలి. యాప్ కొత్త రూపాలు వచ్చే కొద్దీ పేర్లూ చోట్లూ కాస్త మారవచ్చు. అయినా Storage and data అన్న పేరు పట్టుకొని వెళితే దారి తప్పదు.

రెండో వరుస, అంటే వైఫై విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇంట్లో నెలవారీ బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారు వైఫై కింద ఫొటోలకు టిక్కు ఉంచుకోవచ్చు. కానీ మన ఇళ్లలో చాలాసార్లు జరిగేది వేరు. అన్నయ్య ఫోనులో హాట్‌స్పాట్ పెడితే చెల్లెలు తన ఫోనును దానికి కలుపుకుంటుంది. చెల్లెలి ఫోనులోని వాట్సాప్ దానిని వైఫైగానే లెక్కిస్తుంది. వైఫై వరుసలో అన్నింటికీ టిక్కులు ఉంటే, అంతవరకు ఆగి ఉన్న వీడియోలు దిగడం మొదలుపెడతాయి. ఖర్చయ్యేది మాత్రం అన్నయ్య డేటా. ఇంట్లో హాట్‌స్పాట్ వాడే అలవాటు ఉంటే రెండో వరుసలోనూ టిక్కులు తీసివేయండి.

మార్చిన తరువాత ఏమవుతుంది?

ఇకపై ఎవరైనా ఫొటో పంపితే మసక బొమ్మ, దాని మీద కిందికి చూపే బాణం గుర్తు, పక్కన పరిమాణం కనిపిస్తాయి. కావాలనుకుంటే తాకుతారు, వద్దనుకుంటే ముందుకు వెళతారు. 18 ఎంబీ అని కనిపించినప్పుడు తాకాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించే అవకాశం దొరుకుతుంది.

వాయిస్ మెసేజ్‌లకు ఈ సెట్టింగ్ వర్తించదు. అవి ఎప్పటిలాగే వాటంతట అవి వస్తాయి. ఊరి నుంచి నాన్నమ్మ చదువు రాక మాటలోనే కబురు పంపినా, అది వెంటనే వినిపిస్తుంది. వాటి బరువు కూడా తక్కువే. స్టేటస్‌లు కూడా ఈ సెట్టింగ్ పరిధిలోకి రావు. వాటిని చూసిన కొద్దీ డేటా ఖర్చవుతుంది. దానిని తగ్గించాలంటే చూడటం తగ్గించుకోవడమే మార్గం.

మరుసటి శుక్రవారం ఆ సోదరి మళ్లీ కొలిచారు. పుట్టింటి గ్రూపులోని ఫొటోలు, పాఠశాల గ్రూపులోని రెండు పత్రాలు, ఒక చిన్న వీడియో ఆమె తాకి చూశారు. Media వరుసలో తెచ్చుకున్నది 60 ఎంబీ. స్టేటస్‌లు, ఇతర యాప్‌ల ఖర్చు మునుపటిలాగే ఉందనుకున్నా, మొత్తం 870 ఎంబీ. సాయంత్రానికి 600 ఎంబీకి పైగా మిగిలింది. అరగంట కాల్‌కు అందులో నాలుగో వంతు సరిపోతుంది.

ఒక గ్రూపుకు మాత్రం ఆపి, ఇంకో దానికి ఉంచే వీలుందా అని కొందరు అడుగుతుంటారు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఏర్పాటు అన్ని చాట్‌లకూ ఒకటే. అందుకే అన్నీ ఆపి, కావలసినవి చేత్తో తాకి తెచ్చుకోవడమే అనువైన పద్ధతి.

కావలసినవి ఆ రోజే తెచ్చుకోండి

ఈ పద్ధతిలో నష్టపోయే సందర్భం ఒకటి ఉంది. మనం తెచ్చుకోని ఫొటో లేదా వీడియో వాట్సాప్ సర్వర్‌లో శాశ్వతంగా ఉండదు. కొన్ని వారాలు గడిచాక తాకితే, ఆ ఫైలు ఇక అందుబాటులో లేదని, పంపినవారినే మళ్లీ అడగమని సందేశం రావచ్చు. అప్పటికి పంపినవారు కూడా తమ ఫోనులో దానిని చెరిపేసి ఉంటే మనకు ఇక దొరకదు.

కాబట్టి వేటిని వెంటనే తెచ్చుకోవాలో ఇంట్లో అనుకోవడం మంచిది. రమజాన్ నెల సహెరీ, ఇఫ్తార్ వేళల పట్టిక, పాఠశాల పంపే పత్రాలు, ఆసుపత్రి పరీక్షల ఫలితాలు, ఆధార్ లేదా పాస్‌పోర్టు నకళ్లు, పెళ్లిళ్లలో తీసిన కుటుంబ ఫొటోలు ఇలాంటివి. వచ్చిన రోజే తాకి, తెరుచుకున్నాయో లేదో చూడండి. ఈ పనిని వాయిదా వేయడం వల్లే తరువాత ఇబ్బంది వస్తుంది.

గ్యాలరీలో దాచడం వేరు, ఆపడం వేరు

చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. Settings లో Chats అనే చోట Media visibility అని ఒక ఏర్పాటు ఉంది. దానిని ఆపితే, ఇకపై దిగే ఫొటోలు, వీడియోలు ఫోను గ్యాలరీలో కనిపించవు. పిల్లల చేతికి ఫోను ఇచ్చేవారికి ఇది ఉపయోగమే. ఏ గ్రూపు నుంచి ఏం వచ్చిందో గ్యాలరీ తెరిచినవారికల్లా కనిపించకుండా ఉంటుంది. కానీ అవి దిగడం మాత్రం ఆగదు. డేటా ఖర్చవుతూనే ఉంటుంది, స్థలమూ నిండుతూనే ఉంటుంది. “గ్యాలరీలో ఏమీ లేదు, అయినా ఫోను నిండిపోయింది” అని ఆశ్చర్యపోయేవారి ఫోనులో చాలాసార్లు జరిగేది ఇదే.

ఐఫోనులో దీనికి సమానమైన ఏర్పాటు Chats లోని Save to Photos. అది ఆన్‌లో ఉంటే ఫొటో వాట్సాప్‌లో ఒకటి, ఫోను ఫొటోల యాప్‌లో మరొకటి చొప్పున రెండు ప్రతులుగా నిల్వ అవుతుంది. అక్కడ దానిని ఆపితే స్థలం కూడా ఆదా అవుతుంది.

ఇప్పటికే నిండిన స్థలం సంగతి

ఆటో డౌన్‌లోడ్ ఆపడం ఇకపై వచ్చే వాటికే వర్తిస్తుంది. ఇంతకుముందు దిగినవి అక్కడే ఉంటాయి. ఆ సోదరి ఫోనులో వాట్సాప్ ఒక్కటే 19 జీబీ ఆక్రమించింది. మామూలు రోజున 180 ఎంబీ, శుక్రవారం 640 ఎంబీ చొప్పున దిగితే నెలకు సుమారు 7 జీబీ అవుతుంది. మధ్యమధ్యలో గ్యాలరీ నుంచి కొన్ని చెరుపుతూ వచ్చారు కనుక 19 జీబీ దగ్గర ఆగింది.

శుభ్రం చేయడానికి Storage and data లోనే Manage storage ఉంది. దానిని తెరిస్తే పైన మొత్తం ఎంత స్థలం పట్టిందో కనిపిస్తుంది. కింద రెండు పెట్టెలు ఉంటాయి. ఒకటి Forwarded many times, అంటే చాలాసార్లు చేతులు మారి వచ్చినవి. రెండోది Larger than 5 MB, అంటే 5 ఎంబీ దాటినవి. వాటి కింద ఒక్కొక్క చాట్, గ్రూపు ఎంత స్థలం పట్టిందో, ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉంటుంది.

మొదటి పెట్టెతో ఆరంభించండి. అలా చేతులు మారి వచ్చిన వాటిలో మన ఇంటి జ్ఞాపకాలు ఉండే అవకాశం తక్కువ. ఒకసారి పైనుంచి కిందికి చూసి, అవసరమైనది ఏదైనా ఉంటే వదిలి, మిగిలినవి ఎంచుకొని చెరపండి. తరువాత రెండో పెట్టె. దీనిలో పెద్దవి ముందు వస్తాయి కనుక పది, ఇరవై వీడియోలు చెరిపినా చాలా స్థలం వస్తుంది. అయితే ఇక్కడ తొందర పనికిరాదు. ఇంటి వీడియోలు కూడా ఇందులోనే ఉంటాయి. ఆ సోదరి ఫోనులో భర్త పంపిన వీడియోలు, మరణించిన మామయ్య చివరి ఈద్ నాటి వీడియో ఈ పెట్టెలోనే కనిపించాయి. ముందుగా వాటిని ఒక మెమరీ కార్డులోకి నకలు చేసుకొని, తెరిచి చూసుకొని, ఆ తరువాతే మిగిలిన వాటి జోలికి వెళ్లమని చెప్పాము. వాట్సాప్‌లో ఒకసారి చెరిపిన వీడియోను మళ్లీ సర్వర్ నుంచి తెచ్చుకోగలమన్న నమ్మకం పెట్టుకోకూడదు.

ఆ తరువాత గ్రూపుల జాబితా. ఒక్కొక్క గ్రూపును తెరిచి, అందులోని ఫొటోలు, వీడియోలను ఎంచుకొని చెరపవచ్చు. ఆమె పైనున్న మూడు గ్రూపులతోనే ఆపారు. రెండు పూటల పనిలో 19 జీబీ కాస్తా 6 జీబీకి దిగింది. పాఠశాల పత్రం అదే రోజు తెరుచుకుంది.

గ్యాలరీ నుంచి చెరిపేవారు ఒక విషయం గమనించాలి. చాలా ఫోన్లలో గ్యాలరీలో చెరిపినవి ముందుగా చెత్తబుట్టలోకి వెళ్లి, కొన్ని రోజులు అక్కడే ఉంటాయి. అంతవరకు స్థలం ఖాళీ కాదు. “ఎన్ని చెరిపినా జాగా పెరగడం లేదు” అనిపిస్తే గ్యాలరీలోని ఆ బుట్టను తెరిచి దానిని కూడా ఖాళీ చేయండి.

బ్యాకప్ మీద భారం

ఫోనులో పోగైన ఈ సామగ్రి ఫోనుతోనే ఆగదు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళుతుంది. 2024 నుంచి ఆ బ్యాకప్ కూడా గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కకు వస్తోంది. జీమెయిల్, ఫొటోలు, బ్యాకప్ అన్నీ కలిసి ఆ 15 జీబీని పంచుకోవాలి. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, కొత్త ఉత్తరాలు రావడం కూడా ఆగిపోవచ్చు. ఉద్యోగ దరఖాస్తుకు సమాధానం కోసం ఎదురుచూసేవారికి ఇది చిన్న విషయం కాదు.

Settings, ఆపైన Chats, ఆపైన Chat backup అనే చోట Include videos అని ఉంటుంది. దానిని ఆపితే బ్యాకప్ పరిమాణం బాగా తగ్గుతుంది. అయితే అప్పుడు ఫోను పోయినా పాడైనా వీడియోలు తిరిగి రావు. ముఖ్యమైన వీడియోలను వేరే చోట దాచుకున్నాకే దానిని ఆపండి. అదే పేజీలో మొబైల్ డేటా మీద బ్యాకప్ చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. దానిని ఆపి ఉంచితే రాత్రివేళ మనకు తెలియకుండా డేటా ఖర్చు కాదు. వైఫై దొరికినప్పుడు బ్యాకప్ అవుతుంది.

టెలిగ్రామ్ వాడేవారికి

ప్రసంగాల కోసం, పోటీ పరీక్షల సామగ్రి కోసం టెలిగ్రామ్ ఛానెళ్లను అనుసరించేవారు చాలామంది ఉన్నారు. అక్కడ కూడా Settings లో Data and Storage తెరిస్తే, మొబైల్ డేటా, వైఫై, రోమింగ్‌లకు వేర్వేరుగా ఆటో డౌన్‌లోడ్ ఏర్పాటు ఉంటుంది. వాట్సాప్‌లో లేని రెండు సదుపాయాలు ఇందులో ఉన్నాయి. పరిచయస్తుల నుంచి వచ్చేవి, గ్రూపుల నుంచి వచ్చేవి, ఛానెళ్ల నుంచి వచ్చేవి అని విడదీసి ఎంచుకోవచ్చు. వీడియోలు, ఫైళ్లు ఇన్ని ఎంబీలలోపు అయితేనే దిగాలి అని హద్దు కూడా పెట్టవచ్చు. కనుక ఛానెళ్లను ఆపి, ఇంటివారి ఫొటోలను మాత్రం ఉంచుకోవచ్చు.

మరో తేడా కూడా ఉంది. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌ల సామగ్రి దాని సర్వర్‌లో ఉంటుంది. ఫోనులో పోగైన ప్రతిని Storage Usage అనే చోట చెరిపేసినా, అవసరమైనప్పుడు మళ్లీ తాకి తెచ్చుకోవచ్చు. పంపినవారు తొలగిస్తే మాత్రం దొరకదు. వాట్సాప్‌లో చెరపడానికి ముందు పడే జాగ్రత్త ఇక్కడ అంతగా అవసరం లేదు.

ప్రయాణంలో, కొత్త ఫోనులో

ఉమ్రాకు గానీ హజ్‌కు గానీ వెళ్లేవారు మూడో వరుసను, అంటే When roaming ను, బయలుదేరే ముందే చూసుకోవాలి. ఇక్కడి సిమ్‌తోనే అక్కడ డేటా వాడితే అది రోమింగ్, దాని ఖర్చు ఎక్కువ. అదే అక్కడ దిగాక స్థానిక సిమ్ కొని వేసుకుంటే ఫోను దానిని రోమింగ్‌గా లెక్కించదు, మొదటి వరుసలోని మొబైల్ డేటా ఏర్పాటే అమలవుతుంది. రెండు వరుసల్లోనూ No media అని ఉంటే ఏ సిమ్ వేసినా ఇబ్బంది లేదు. హోటల్‌లో వైఫై దొరికినప్పుడు కావలసినవి తాకి చూసుకోవచ్చు.

ఈ ఏర్పాటు ఆ ఒక్క ఫోనుకు, ఆ ఒక్క యాప్‌కు మాత్రమే పరిమితం. ఇంట్లో మూడు ఫోన్లుంటే మూడింటిలోనూ వేర్వేరుగా చేయాలి. దుకాణం కోసం వాట్సాప్ బిజినెస్ వాడేవారు దానిలోనూ విడిగా చేసుకోవాలి. కొత్త ఫోను కొన్నప్పుడు, లేదా యాప్‌ను తీసివేసి మళ్లీ వేసుకున్నప్పుడు ఆ మూడు వరుసలను మరోసారి తెరిచి చూడండి. మొదటి వరుస కింద No media అన్న రెండు మాటలు కనిపిస్తున్నాయో లేదో చూడటానికి అర నిమిషం కూడా పట్టదు.